బాణసంచా వెలుగు, చెరువులో నీడ, మూడు లక్షల ఫీజు

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తి చేసి ఏడాదిగా ఫోటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. మా పదో అంతస్తు బాల్కనీ నుంచి రాత్రిపూట తీసిన హలసూరు చెరువు ఫోటోలో బాణసంచా కలిపి, పరీక్షగా ఒక స్టూడియోకు పంపాడు. సహజంగా లేదని తిప్పి పంపారు. మూడు లక్షలు కట్టి వీఎఫ్ఎక్స్ కోర్సులో చేర్చాలా, ఎంబీఏకి పంపాలా? వాడికి అసలు ఆ కన్ను ఉందా అని భయంగా ఉంది. – ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: మీరు జతచేసిన ఫోటోను పెద్దది చేసి చూశాను. డాబాల మీది నీళ్ల ట్యాంకుల గొట్టాలను సైతం తప్పిపోనివ్వకుండా, వాటి వెనుక నుంచే వెలుగు వచ్చేటట్టు మీ అబ్బాయి మాస్క్ గీశాడు. కన్ను లేనివాడికి అంత ఓపిక ఉండదు. అతనికి తెలియనివి కొన్ని కొలతలు మాత్రమే.

మొదటిది ఎక్స్‌పోజర్. రోడ్డు మీద కార్ల దీపాలు ఎర్రటి గీతలుగా సాగాయి, చెరువు నీరు అద్దంలా నునుపుగా ఉంది. అంటే షట్టర్ పది, పదిహేను సెకన్లు తెరిచి ఉందన్నమాట. అందులో అతికించిన తారాజువ్వ మాత్రం చుక్కలు చుక్కలుగా ఉంది, బహుశా ఫోన్ వీడియోలోని ఒక ఫ్రేమ్ అయి ఉంటుంది. అంతసేపు తెరిచిన కెమెరాలో ప్రతి నిప్పురవ్వ పుట్టినచోటి నుంచి ఆరినచోటి వరకు గీత గీస్తుంది. ఆ గీత ఎంత ప్రకాశంగా పడుతుందన్నది షట్టర్ సమయాన్ని బట్టి కాక, లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అపర్చర్, కెమెరా వెలుగును ఎంత గ్రహిస్తుందో చెప్పే ఐఎస్ఓలను బట్టి ఉంటుంది, ఎందుకంటే కదిలే రవ్వ ఏ ఒక్క బిందువు దగ్గరా నిలిచి ఉండదు. అందువల్ల చెరువు ఫోటోను ఐఎస్ఓ 100, f/8 వద్ద తీసి ఉంటే, బాణసంచాను కూడా ట్రైపాడ్ మీద అవే అంకెలతో మూడు నాలుగు సెకన్లు తీయాలి. అప్పుడు నలుపును వదిలి వెలుగును మాత్రమే కలిపే Screen మోడ్‌లో పరిచినా వెలుగును పెద్దగా సవరించవలసిన అవసరం రాదు. బాణసంచా ఫోటోలోని ఆకాశం పూర్తి నలుపు కాకపోతే మాత్రం ఒక బూడిదరంగు చతురస్రం బయటపడుతుంది, దానిని Levels లో ముందే అణచాలి.

అసలు తప్పు నీటిలో జరిగింది. అతను తారాజువ్వను గట్టు దగ్గర తలకిందులుగా తిప్పి అంతే దూరంలో అతికించాడు. బాల్కనీ నుంచి చూసేవారికి అది చెల్లదు. నీటిలో కనబడేది, మన కన్ను నీటికి ఎంత ఎత్తున ఉందో అంత లోతు నుంచి పైకి చూసినప్పటి దృశ్యం. ఉదాహరణకు బాల్కనీ నీటికి 30 మీటర్ల ఎత్తున, అవతలి గట్టున 500 మీటర్ల దూరంలో 40 మీటర్ల భవనం, దాని వెనుక, బాల్కనీకి కిలోమీటరు దూరంలో 150 మీటర్ల ఎత్తున తారాజువ్వ ఉన్నాయనుకుందాం. ఫోటోలో దాని కేంద్రం గట్టుకు 900 పిక్సెళ్లు పైన ఉంటే, ప్రతిబింబం గట్టుకు 600 పిక్సెళ్లు కిందనే పడాలి. ఆ వెలుగుపువ్వు వ్యాసం 120 మీటర్లయితే ఆకాశంలో అంతా కనబడుతుంది, నీటిలో మాత్రం దాని అడుగున 20 మీటర్ల మేర భవనం చాటుకు పోతుంది. ఆ వాలులో నీరు సుమారు మూడో వంతు వెలుగునే తిప్పి పంపుతుంది కనుక, ప్రతిబింబాన్ని, ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమయ్యే లెక్కన, ఒకటిన్నర స్టాప్ తగ్గించి, అలల కోసం నిలువుగా సాగదీయాలి. పక్కలకు మసకబారిస్తే అది నీరనిపించదు.

వెలుగు విషయం చిన్నదే. తారాజువ్వ భవనాల వెనుక పేలితే, మనవైపు గోడలకు ఎరుపు పులమకూడదు. వెలుగు పొగకూ డాబాల అంచులకూ అంటుతుంది, అంతే.

ఇక మీ సంగతి. మీ లేఖలో ఫీజు గురించి, ఎంబీఏ గురించి ప్రశ్న ఉంది, ఫోటోలో తప్పేమిటన్న ప్రశ్న లేదు. స్టూడియోవారు ఏది సహజంగా లేదన్నారని అతన్ని అడిగారా? అడగకుండానే ఎంబీఏ మాట ఎత్తడం సలహా అనిపించుకోదు. వీఎఫ్ఎక్స్ కోర్సుల మీద నాకు సందేహం ఉంది. నేను చూసిన చాలా పాఠ్యప్రణాళికల్లో సాఫ్ట్‌వేర్ మెనూలు ఉన్నాయి, పైన చెప్పిన 600 పిక్సెళ్ల లెక్క లేదు. ఇలా సలహాలిచ్చే పనికి రాకముందు నేనూ కొన్నాళ్లు రీటచింగ్ చేశాను. మాకు ఆ లెక్క నేర్పింది ఏ తరగతీ కాదు, వెనక్కి వచ్చిన పనే. చేరే ముందు, విద్యార్థి పనిని దృశ్యాలను కలిపే పనిలో ఆరితేరిన సీనియర్ కంపోజిటర్ పక్కన కూర్చుని వారానికి ఎన్నిసార్లు దిద్దుతారో అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే డబ్బు కట్టకండి. ఎంబీఏ అంటారా, అది వచ్చే ఏడాదీ ఉంటుంది.

ప్రస్తుతానికి అదే ఫోటోను మళ్లీ చేయమనండి. పంపే ముందు, ఆకాశంలోని ఒక ప్రకాశవంతమైన రవ్వ నుంచి నీటిలోని దాని జంట వరకు ఒక గైడ్ గీత లాగి చూడాలి. అది నిట్టనిలువుగా రాకపోతే ప్రతిబింబం పక్కకు జరిగిందని అర్థం.