చేతిరాత సభ్యుల జాబితాల్లో ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటం ఎలా?

ప్రశ్న: మా పట్నం చేనేత సహకార సంఘం పాత సభ్యుల రిజిస్టర్లు మూడింటిని (1958, 1966, 1974లలో తిరగరాసినవి) కంప్యూటరులోకి ఎక్కించాం. దాదాపు నాలుగు వేల వరుసలు వచ్చాయి. ఒకే మనిషి పేరు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది. అసలు ఎంతమంది సభ్యులో చెప్పాలంటే వీటిని ఎలా కలపాలి?

జవాబు:

మా జిల్లాలోని ఒక చేనేత సంఘం రిజిస్టర్ల మీద ఇదే పని చేశాను కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను. పేర్ల పోలికను ఏ వరుసను ఏ వరుసతో పక్కపక్కన పెట్టి చూడాలో తేల్చుకోవడానికి మాత్రమే వాడండి. ఆ రెండు వరుసలూ ఒకే మనిషివా కాదా అన్నది తండ్రి లేదా భర్త పేరు, వయస్సు, చేరిన తేదీ, వాటా నంబరు, షరా కాలమ్ తేల్చాలి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో పేరొక్కటే చూసి కలిపితే, రెండుసార్లు లెక్కపెట్టడం మాట అటుంచి, ఇద్దరు మనుషులు ఒకరైపోతారు. ఆ పొరపాటు జరిగిందని తరువాత కనిపెట్టడం కూడా కష్టం, ఎందుకంటే కలిసిపోయిన మనిషి జాబితాలో ఎక్కడా కనిపించడు.

ముందుగా, రిజిస్టరులో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టుగా ఒక కాలమ్‌లో ఉంచి, దాన్ని ఎప్పుడూ దిద్దకండి. పోల్చడానికి వేరే కాలమ్‌లో ఒక తాళం చెవి లాంటి రూపాన్ని తయారు చేసుకోండి. అందులో ళ, ల ఒకటే, ణ, న ఒకటే, శ, ష, స మూడూ ఒకటే, బండి ఱ మామూలు ర అవుతుంది, దీర్ఘాలు హ్రస్వాలవుతాయి, ద్విత్వం ఒంటి అక్షరమవుతుంది, అరసున్న పోతుంది. 1958 పుస్తకం రాసిన గుమాస్తా ‘వేంకట’ అని రాస్తే 1974 గుమాస్తా ‘వెంకట’ అని రాశాడు. ‘కృష్ణ’, ‘క్రిష్ణ’ రెండూ దొరుకుతాయి. ఈ తేడాలు మనిషివి కావు, రాసిన చేతివి. నేను వాడిన చిన్న పైథాన్ ముక్క ఇది:

```python
import re, unicodedata

FOLD = str.maketrans({
    'ళ': 'ల', 'ణ': 'న', 'ఱ': 'ర', 'శ': 'స', 'ష': 'స',
    'ా': None, 'ీ': 'ి', 'ూ': 'ు', 'ే': 'ె', 'ో': 'ొ',
    'ఆ': 'అ', 'ఈ': 'ఇ', 'ఊ': 'ఉ', 'ఏ': 'ఎ', 'ఓ': 'ఒ',
    'ఁ': None, '౦': 'ం', '\u200c': None, '\u200d': None})

def key(s):
    s = unicodedata.normalize('NFC', s)
    s = s.translate(FOLD).replace('ృ', '్రి')
    s = re.sub(r'(.)్\1', r'\1', s)
    return re.sub(r'[\s.॥]', '', s)
```

ఇందులో ‘౦’ను ‘ం’గా మార్చే చోటు చూడండి. మొదటిది తెలుగు అంకెల్లోని సున్న, రెండోది పూర్ణానుస్వారం. తెరమీద రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, టైపు చేసినవారిలో ఒకరు అంకెను నొక్కి ‘ర౦గయ్య’ అని రాసినా ఎవరి కంటా పడదు. కంప్యూటరు మాత్రం ‘రంగయ్య’ను, ‘ర౦గయ్య’ను వేర్వేరు పేర్లుగా చూస్తుంది. కంటికి కనబడని ఖాళీ అక్షరాలతో (కోడులోని `\u200c`, `\u200d`) కూడా ఇదే తంటా. రెండు వరుసలు అచ్చంగా ఒకేలా కనిపిస్తూ జత కుదరకపోతే ముందు వీటినే అనుమానించండి. ఈ ముక్కను పేర్ల కాలమ్‌లకే వాడాలి. వయస్సు, నంబర్ల కాలమ్‌లు తెలుగు అంకెల్లో ఉంటే ఇది వాటిని పాడుచేస్తుంది.

ఈ రూపంలో ‘పెద్ద’, ‘చిన్న’, ‘పెద’, ‘చిన’ అన్న మాటలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి. అవి అలంకారం కోసం రాసినవి కావు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఇలవేలుపు పేరే పెట్టినప్పుడు వాళ్ళిద్దరినీ వేరు చేసేది ఆ ఒక్క మాటే. ‘గారు’, ‘శ్రీ’ తీసేయవచ్చు.

రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కగట్టే పద్ధతిని (లెవెన్‌ష్టీన్ దూరం అంటారు) చాలామంది సూచిస్తారు. తెలుగు పేర్లకు దాన్ని నేరుగా వాడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చాలు. ‘రామయ్య’కూ ‘రామమ్మ’కూ మధ్య దూరం 2. ‘వేంకట సుబ్బారాయుడు’కూ ‘వెంకటసుబ్బరాయుడు’కూ మధ్య దూరం 3. మొదటి జత ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ, రెండో జత నిస్సందేహంగా ఒకే పేరు. పై కోడు రెండో జతను ఒకటి చేస్తుంది, మొదటి జతను విడిగానే ఉంచుతుంది. ఆ దూరాన్ని వాడాలనుకుంటే పేర్లు ఈ రూపంలోకి వచ్చిన తరువాతే, అదీ చదవడంలో దొర్లిన పొరపాట్లను పట్టుకోవడానికే వాడండి.

నాలుగు వేల వరుసల్లో ప్రతిదాన్నీ ప్రతిదానితో పోలిస్తే దాదాపు 80 లక్షల జతలవుతాయి. అన్నింటినీ ఎవరూ చూడలేరు. కాబట్టి ఇంటిపేరు రూపం ఒకటైన వరుసలను ఒక గుంపుగా చేసి, ఆ గుంపు లోపలే పోల్చండి. ఇంటిపేరునే తప్పుగా చదివి ఉంటే ఆ వరుస వేరే గుంపులోకి వెళ్ళిపోతుంది కాబట్టి, రెండో విడతలో ఇంటిపేరు వదిలేసి, సభ్యుడి పేరు, తండ్రి పేరు కలిపి గుంపులు చేయండి. ‘వెం. సుబ్బయ్య’ లాంటి పొట్టి పేర్లు ఈ రెండు విడతల్లోనూ సరిగ్గా అతకవు. వాటిని ఊహించి పూరించకుండా, ఇంటిపేరు, తండ్రి పేరు ఆధారంగా విడిగా చూడాలి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో నాకు ఎదురైన ఒక కుటుంబంతో చెబుతాను. పేర్లు మార్చాను. ఇంటిపేరు గుడిపాటి అనుకోండి.

1958 పుస్తకంలో ‘గుడిపాటి వేంకటసుబ్బయ్య, తం॥ రామయ్య, వయస్సు 34’ అని ఒక వరుస ఉంది. 1966 పుస్తకంలో రెండు వరుసలు ఉన్నాయి: అదే వాటా నంబరుతో ‘వెంకట సుబ్బయ్య, తం॥ రామయ్య, 42’, వేరే నంబరుతో ‘చిన వెంకటసుబ్బయ్య, తం॥ రామయ్య, 35, చేరినది 1961’. 1974 పుస్తకంలో మూడు: ‘వెం. సుబ్బయ్య, తం॥ రామయ్య, 48’. ‘రామయ్య, తం॥ వెంకటసుబ్బయ్య, 25’. 1958 నాటి వాటా నంబరుతోనే ‘సుబ్బమ్మ, భ॥ లేటు వెంకటసుబ్బయ్య’. మొత్తం ఆరు వరుసలు.

1958లో 34, 1966లో 42 సరిగ్గా ఎనిమిదేళ్ళ తేడా, నంబరూ అదే. కాబట్టి ఆ రెండూ ఒకరే. చిన వెంకటసుబ్బయ్య తమ్ముడు. ఒకే పుస్తకంలో ఇద్దరికీ వేర్వేరు వాటాలు ఉండటమే గట్టి సాక్ష్యం. చిక్కంతా 1974 నాటి ‘వెం. సుబ్బయ్య’తోనే. అన్నకు అప్పటికి 50 ఏళ్ళు, తమ్ముడికి 43 ఉండాలి. రాసిన వయస్సు 48, అంటే అన్నకే దగ్గర. అయితే 1966 పుస్తకంలో అన్న వరుసకు ఎదురుగా షరాలో ‘1971లో మరణం, వాటా భార్య పేర మార్పు’ అని సన్నని అక్షరాల్లో ఉంది. 1974లోని వెం. సుబ్బయ్యకు చేరిన తేదీ 1961. కనుక అతడు తమ్ముడే, వయస్సు ఉజ్జాయింపుగా చెప్పి రాయించారు. పాత నంబరు మీద ఉన్న సుబ్బమ్మ అన్న భార్య. పాతికేళ్ళ రామయ్య తాత పేరు పెట్టుకున్న మనవడు.

ఆరు వరుసలు, నలుగురు మనుషులు. పేరు చూసి కలిపి ఉంటే, ‘చిన’ అనే మాట లేని ‘వెం. సుబ్బయ్య’ అటు అన్నకూ ఇటు తమ్ముడికీ జతకుదిరి ఇద్దరినీ ఒకే మనిషిని చేసేది. వాటా నంబరు చూసి కలిపి ఉంటే భర్త, భార్య ఒకరయ్యేవారు. అందుకే జతలు కలిపిన తరువాత ఏర్పడిన ప్రతి గుంపునూ మళ్ళీ చూడాలి. ఒకే పుస్తకంలోని రెండు వరుసలు ఒకే గుంపులో పడ్డాయా? మరణం రాసిన తరువాతి సంవత్సరంలో అదే మనిషి మళ్ళీ కనిపిస్తున్నాడా? తం॥, భ॥ రెండూ ఒకే గుంపులో ఉన్నాయా? మొదటి రెంటిలో ఏది ఉన్నా గుంపును విడగొట్టి చూడండి. మూడోదానికి తొందరపడి విడగొట్టకూడదు. పుట్టింటి పేరుతో, తండ్రి పేరుతో చేరిన ఆడమనిషి పెళ్ళయ్యాక తరువాతి పుస్తకంలో భర్త ఇంటిపేరుతో రాయించుకొని ఉండవచ్చు. అలాంటివారిని పేర్ల పోలిక అసలు పట్టుకోలేదు. చేరిన తేదీ, వాటా నంబరు రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

వయస్సును నమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. అరుదైన ఇంటిపేరు ఉండి, ఎవరో సందేహం లేని కొందరిని తీసుకొని, రెండు పుస్తకాల మధ్య వారి వయస్సు ఎనిమిదేళ్ళు పెరిగిందో లేదో చూడండి. చాలామందికి మార్పు లేకుండా అదే అంకె ఉంటే, గుమాస్తా పాత పుస్తకం నుంచి వయస్సును అలాగే ఎత్తి రాశాడని అర్థం. అప్పుడు ఆ కాలమ్‌ను ‘చేరినప్పటి వయస్సు’గా చదవాలి. పెరిగినా, వయస్సులు ఎక్కువగా 30, 35, 40 మీదే పడుతుంటే నాలుగైదేళ్ళ తేడాను తేడాగా లెక్కించకండి. ఇంటిపేరు కలవడానికి కూడా అన్నిచోట్లా ఒకే విలువ ఉండదు. ఊళ్ళో మూడు ఇళ్ళకే ఉన్న ఇంటిపేరు రెండు వరుసల్లో కలిస్తే అది పెద్ద సాక్ష్యం. సగం వీధికి ఉన్న ఇంటిపేరు కలిస్తే దాదాపు ఏమీ చెప్పదు. (1969లో ఫెల్లెగి, సుంటర్ అనే గణాంక శాస్త్రజ్ఞులు ఈ ఆలోచనకే లెక్క కట్టారు. నాలుగు వేల వరుసలకు అంత లెక్క అవసరం లేదు, కాగితం మీద తూచితే సరిపోతుంది.)

ప్రతి జతకూ ‘ఔను’, ‘కాదు’, ‘తేలలేదు’ అని మూడు జవాబులకు చోటు పెట్టుకోండి, పక్కన కారణం ఒక వాక్యంలో రాయండి. మూడోది తప్పక మిగులుతుంది. వాటిని బలవంతంగా ఏదో ఒకవైపు నెట్టకుండా, తేలనివన్నీ వేర్వేరు మనుషులే అనుకుంటే వచ్చే సంఖ్యను గరిష్ఠంగా, పైన చెప్పిన వైరుధ్యాలు లేనివన్నీ ఒకరే అనుకుంటే వచ్చే సంఖ్యను కనిష్ఠంగా చూపించండి. రెంటికీ మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే, తేలని జతల్లో ఎక్కువ భాగం ఏ పుస్తకం నుంచి, ఎవరు టైపు చేసిన పుటల నుంచి వచ్చాయో చూడండి. ఇందుకోసం ప్రతి వరుసకూ పుస్తకం, పుట, టైపు చేసినవారి గుర్తు అనే మూడు కాలమ్‌లు ఉండాలి. మా దగ్గర ఒకరి పుటల్లో ‘మ’ ఉండాల్సిన చాలా చోట్ల ‘వు’ ఉంది. ఆ పుటలను వేరొకరి చేత మళ్ళీ చదివించాక తేలని జతల్లో చాలావరకు వాటంతట అవే తేలిపోయాయి.