పాలిస్తున్నాను కదా, జాగ్రత్తలు అవసరమా?

ప్రశ్న: నా వయసు 27. సిజేరియన్ అయింది, పాపకు 5 నెలలు. ఇంకా నెలసరి రాలేదు. నెల క్రితం ఉద్యోగంలో చేరాను. పగలు మా అత్తగారు డబ్బా పాలు పడతారు, సాయంత్రం నుంచి నేను పాలిస్తాను. పాలిచ్చినన్నాళ్లూ గర్భం రాదని ఆవిడ అంటున్నారు. పది రోజుల క్రితం ఏ జాగ్రత్తా లేకుండా కలిశాం. మావారు మెడికల్ షాపు నుంచి గర్భనిరోధక మాత్రలు తెచ్చారు. వేసుకుంటే లావవుతానా? రెండో బిడ్డ మూడేళ్ల తర్వాతే అనుకుంటున్నాం.

జవాబు: బరువు సంగతి తర్వాత. ముందు రేపు ఉదయం మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ పరీక్ష చేసుకోండి.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. బిడ్డ రొమ్ము చీకుతున్నప్పుడు మెదడుకు అందే సంకేతాల వల్ల అండం విడుదల ఆగుతుంది. కానీ ఈ రక్షణకు మూడు షరతులున్నాయి: కాన్పయ్యాక నెలసరి రాకూడదు, బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, రాత్రీ పగలూ దాదాపు పూర్తిగా తల్లిపాలే అందాలి. అంటే పగలు 4 గంటలకు, రాత్రి 6 గంటలకు మించి ఎడం ఉండకూడదు. మూడూ ఉంటే ఆ ఆరు నెలల్లో గర్భం వచ్చేది నూటికి ఇద్దరికి మించదు. ఒక్కటి తప్పినా ఈ లెక్క చెల్లదు. అన్నప్రాశన రోజు నాలుకకు రాసిన పాయసంతో ఏమీ కాదు కానీ, రోజూ పూటకో సీసా పోతపాలు వేరే సంగతి. మీరు ఆఫీసుకు వెళ్లిన రోజు నుంచే ఆ రక్షణ మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు. పాలు పిండి ఇంట్లో పెట్టి వెళ్లినా, బిడ్డ నేరుగా చీకినంత ప్రభావం ఉండదు.

నెలసరి వచ్చాక చూసుకుందాంలే అనుకునేవారు ఓపీలో చాలామంది కనిపిస్తారు. మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావచ్చు. అందుకే ఒక్క నెలసరి కూడా చూడకుండానే మళ్లీ గర్భం దాల్చినవారున్నారు.

పరీక్ష నెగెటివ్ వస్తే ఊరట పడండి, కానీ అదే చివరి మాట కాదు. కలిసి పది రోజులే అయింది కాబట్టి ఇప్పుడు చేసిన పరీక్షలో తేలకపోవచ్చు. ఆ రోజు నుంచి 3 వారాలు నిండాక మళ్లీ చేయండి. అప్పటిదాకా ప్రతిసారీ కండోమ్ వాడాలి.

పాజిటివ్ వస్తే మాత్రం, దయచేసి, షాపులో అబార్షన్ కిట్ కొనకండి. మీకు గర్భసంచి మీద కోత ఉంది. పిండం ఆ మచ్చలోనే నాటుకుంటే, లేదా ట్యూబులో ఉంటే, ఆ మాత్రలతో ప్రాణం మీదికి రావచ్చు. అది ఎక్కడుందో స్కాన్‌లోనే తెలుస్తుంది. స్కాన్ కాకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

ఇక మీవారు తెచ్చారన్న మాత్రలు. పేరు రాయలేదు మీరు. షాపులో అడిగితే ఎక్కువగా చేతికిచ్చేవి ఈస్ట్రోజన్ కలిసినవే. పాలిచ్చే తల్లులకు వాటిని ఆరు నెలలు నిండేదాకా సాధారణంగా ఇవ్వం, పాలు తగ్గే అవకాశం ఉంది. కాన్పయిన తొలి వారాల్లోనైతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే భయం కూడా. షాపతను మీ బీపీ చూశాడా? బిడ్డ పాలు తాగుతోందా అని అడిగాడా? ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి.

మూడేళ్ల ఎడం కావాలంటున్నారు కాబట్టి, నన్నడిగితే కాపర్-టీ మొదట ఆలోచిస్తాను. కాన్పయిన 48 గంటల్లోపు, సిజేరియన్ అయితే కుట్లు వేయకముందే పెట్టేయవచ్చు. ఆ అవకాశం దాటితే ఆరు వారాల తర్వాత ఎప్పుడైనా సరే, గర్భం లేదని తేలితే చాలు. మీ విషయంలో రెండో పరీక్ష నెగెటివ్ వచ్చాక అన్నమాట. పాల మీద దాని ప్రభావం ఉండదు, తీయించుకున్న వెంటనే గర్భానికి ప్రయత్నించవచ్చు. ఇష్టం లేకపోతే ఛాయ మాత్ర ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం: మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఇందులో హార్మోన్ లేదు, పాలిచ్చేవారు వాడవచ్చు. అండాశయంలో నీటి తిత్తులు, కాలేయ జబ్బు ఉంటే పనికిరాదు. అంతర ఇంజెక్షన్ 3 నెలలకోసారి, పాలిచ్చేవారికి ఆరు వారాల తర్వాత మొదలుపెడతాం. కాకపోతే ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, నెలసరి కూడా క్రమం తప్పుతుంది. ఇవేవీ మిమ్మల్ని చూడకుండా రాసిచ్చేవి కావు. దగ్గర్లోని గైనకాలజిస్టును కలవండి, డిశ్చార్జ్ కాగితం తీసుకెళ్లండి.

అసలు బిడ్డకు పాలివ్వని తల్లులైతే ఆరు వారాలు ఆగకూడదు. కాన్పయిన 3 వారాల నుంచే ఏదో ఒక జాగ్రత్త ఉండాలి.

బరువు అంటారా? కాపర్-టీతో పెరగరు. అంతర ఇంజెక్షన్‌తో కొందరు కొంచెం పెరుగుతారు.