ధరలోనే జీఎస్టీ ఉంటే బిల్లులో ఎలా విడదీయాలి?

ప్రశ్న: మాది నల్లగొండలో స్టీలు బీరువాల దుకాణం. మిర్యాలగూడ రైస్ మిల్లు వాళ్లకు జీఎస్టీతో కలిపి రూ.23,600కు బీరువా ఇస్తామని వాట్సాప్‌లో రాసిచ్చాం. అందులో 18 శాతం కింద రూ.4,248 పన్ను, మిగతా రూ.19,352 ధర అని బిల్లు వేశాం. మిల్లు గుమాస్తా తప్పని తిప్పి పంపాడు. మా లెక్కలో తప్పేంటి?

జవాబు: గుమాస్తా చెప్పిందే నిజం. మీ బిల్లునే చూడండి. రూ.19,352 మీద 18 శాతం కడితే రూ.3,483 చిల్లర వస్తుంది. మీరు రాసింది రూ.4,248. అంటే దాదాపు 22 శాతం పన్ను వేసినట్టు. పన్ను ఎప్పుడూ అసలు ధర మీదే పడుతుంది, పన్ను కలిసిన మొత్తం మీద కాదు. మీరు పన్ను మీద కూడా పన్ను లెక్కగట్టారు.

సీజీఎస్టీ రూల్స్, 2017లో 35వ రూలు సరిగ్గా ఇలాంటి అమ్మకాల కోసమే ఉంది. మొత్తాన్ని పన్ను రేటుతో గుణించి, వందకు ఆ రేటు కలిపిన అంకెతో భాగించాలి. మీ విషయంలో 23,600 × 18 ÷ 118 = 3,600. అసలు ధర రూ.20,000. దాని మీద 18 శాతం వేసి చూడండి, సరిగ్గా రూ.3,600 వస్తుంది. ఏ బిల్లుకైనా ఈ తాళా చాలు.

ఆ రూ.3,600లో సీజీఎస్టీ రూ.1,800, ఎస్‌జీఎస్టీ రూ.1,800. చాలామంది ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు: ముందు 109తో భాగించి ఒక పన్ను తీసి, మిగిలిన దాన్ని మళ్లీ 109తో భాగిస్తారు. రెండు పన్నులూ ఒకే రూ.20,000 మీద పడతాయి కాబట్టి, ముందు 118తో ఒక్కసారే విడదీసి, వచ్చిన పన్నును సగం చేయాలి.

ఇప్పుడు బిల్లు సంగతి. ఆ నెల జీఎస్టీఆర్-1 ఇంకా వేయకపోతే పాత బిల్లు రద్దు చేసి, కొత్త నంబరుతో సరైన బిల్లు ఇవ్వండి. వేసేసి ఉంటే తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో 9ఏ పట్టికలో ధర, పన్ను రెండూ సవరించండి. దీనికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా మీరు వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. మిల్లు వాళ్లు రూ.4,248 క్రెడిట్ ఇప్పటికే వాడుకుని ఉంటే, అదనపు రూ.648 వాళ్లు వెనక్కి కట్టాలి. ఆ మాట వాళ్లకు ముందే చెప్పండి. బిల్లు దిద్దకుండా ఆ రూ.648 మాత్రం మీ దగ్గర ఉంచుకోవద్దు. పన్ను పేరుతో వసూలు చేసింది ప్రభుత్వానికి కట్టాల్సిందేనని సీజీఎస్టీ చట్టం 76వ సెక్షన్ చెబుతోంది.

ఆ వాట్సాప్ మెసేజ్ తుడిచేయకండి. ధరలో పన్ను కలిసే ఉందని చూపించే కాగితం మీకు అదే. ఆ మాట ఎక్కడా లేకపోతే, వచ్చిన మొత్తంలోంచి పన్ను విడదీస్తామంటే అధికారి ముందు నిరూపించుకోవడం కష్టం.