2జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ మంచిదా, విండోసా?

ప్రశ్న: వైజాగ్‌లో మా షాపులో 2జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది, లెటర్లు టైప్ చేయడానికి, నెట్ చూడడానికి లినక్స్ వేయాలా, విండోసే ఉంచాలా?

లినక్సే వేయండి, అందులోనూ లుబుంటు లాంటి తేలికది. విండోస్ 10 ఆన్ అవ్వగానే 1జీబీ పైనే తినేస్తుంది, మిగిలింది చాలక హార్డ్‌డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటుంది, డిస్క్ లైట్ ఆగకుండా వెలుగుతోందంటే అదే సంగతి. పైగా దానికి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్‌లో అయిపోయింది, విండోస్ 11కి కనీసం 4జీబీ కావాలి. లుబుంటు అయితే విండోస్ 10 తినే ర్యామ్‌లో దాదాపు సగంతో సరిపెట్టుకుంటుంది, లిబ్రేఆఫీస్‌లో లెటర్ తెరిచి పక్కన రెండు మూడు ట్యాబ్‌లు పెట్టుకోవచ్చు.

కానీ లినక్స్ వేస్తే బ్రౌజర్ కూడా తేలికైపోతుందనుకుంటారు చాలామంది, అది తప్పు, ట్యాబ్‌లు ఎక్కడైనా అంతే తింటాయి, పది తెరిస్తే ఇదీ మొరాయిస్తుంది. విండోస్ కోసం చేసిన అను ఫాంట్స్‌లో తెలుగు టైప్ చేసే గాజువాక డీటీపీ షాపు లాంటిదైతే మాత్రం విండోస్ ఉంచుకోవాల్సిందే, ర్యామ్ పెంచి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.