అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెద్ద మెసేజ్: అడగాల్సింది పైకి ఎలా తేవాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని. గ్రూప్‌లో వివరంగా అప్‌డేట్ పెడితే అందరూ బొటనవేలు చూపించి వదిలేస్తారు, అడిగిన పని మాత్రం ఎవరూ చేయరు. చిన్నగా రాస్తే "వివరాలేవీ?" అంటారు. ఏం తీసేయాలో, ఏం ఉంచాలో తెలియట్లేదు. ఎవరైనా ఈ పాట్లు పడ్డారా?

జవాబు:

పడ్డాను. మాది 24 ఫ్లాట్ల బిల్డింగ్, రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను. బోరు మోటారు కాలిపోయినప్పుడు నేను పెట్టిన మెసేజ్ ఇదిగో, దాదాపు అలాగే ఇస్తున్నాను:

> అందరికీ నమస్కారం. అందరూ క్షేమమని తలుస్తాను. మన బోరు మోటారు గతంలో ఒకసారి కాలిపోవడం, అప్పుడు రీవైండింగ్ చేయించడం మీకు తెలిసిందే. మళ్లీ మొన్న శనివారం రాత్రి మోటారు ట్రిప్ అవుతోందని వాచ్‌మన్ ఫోన్ చేయగా, నేను మెకానిక్‌కి నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. ఆదివారం కావడంతో వేరే మెకానిక్ కోసం మధ్యాహ్నం దాకా తిరిగి, చివరికి సాయంత్రం ఒకరిని తీసుకొచ్చి పైపులు పైకి తీయించగా వైండింగ్ పూర్తిగా పోయిందని తేలింది. మళ్లీ రీవైండింగ్ చేయిస్తే ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. మూడు చోట్ల కొటేషన్లు తీసుకున్నాం. ప్రస్తుతం ట్యాంకర్లు తెప్పిస్తున్నాం, నీళ్లు పొదుపుగా వాడగలరు. కావున కొత్త మోటారు నిమిత్తం ఫ్లాటుకు రూ.2,500 చొప్పున వీలైనంత త్వరగా చెల్లించి సహకరించగలరని మనవి.

పదిహేను మంది బొటనవేలు పెట్టారు. ఇద్దరు "గ్రేట్ జాబ్ సర్" అన్నారు. రెండు రోజుల్లో డబ్బు కట్టింది నలుగురు. అందులో నేనొకణ్ని.

తప్పెక్కడుందో మా ఆవిడ చెప్పింది. ఆమె ఫోన్ లాక్‌లో ఉండగా పైన కనిపించిన ముక్క "అందరికీ నమస్కారం. అందరూ క్షేమమని తలుస్తాను. మన బోరు మోటారు గతంలో..." అంతే. గ్రూప్ తెరిచినా మెసేజ్ సగంలో తెగిపోయి Read more అని ఉంది. నేను అడిగిన డబ్బు ఆ తెర వెనక కూర్చుంది. "ఏదో మోటారు పాడైందట, ఈయన చూసుకుంటున్నాడట అనుకున్నాను" అంది. మిగతా ఇళ్లలోనూ అదే అనుకుని ఉంటారు. అలా అనుకుంటే బొటనవేలే సరైన జవాబు మరి!

మనం ఇలా రాయడానికి కారణం బద్ధకం కాదు, అలవాటు. బడిలో రాసిన సెలవు చీటీ గుర్తుచేసుకోండి. ముందు నేనెవరు, తర్వాత జ్వరం, ఆఖర్న "కావున రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన". అర్జీ అయినా అంతే. పైగా మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. "కావడంతో", "చేయగా", "తేలడం వల్ల" అని కారణాలు గుదిగుచ్చుకుంటూ పోతే అసలు పని వాక్యం కొసకు చేరుతుంది. అందుకే ఆ చివరి వాక్యాన్ని కత్తిరించి పైన అతికిస్తే కుదరదు. "కావున" అనే ముడిని విప్పి, అడిగేదాన్ని సొంత కాళ్ల మీద నిలబడే వాక్యంగా మళ్లీ రాయాలి.

నేను రెండోసారి కూర్చున్నప్పుడు ముందు చేసింది, చదివేవాళ్లు చేయాల్సిన పనుల కింద గీతలు గీయడం. మూడు తేలాయి: నీళ్లు పొదుపు చేయడం, కొత్త మోటారుకు ఒప్పుకోవడం, 2,500 కట్టడం. మూడూ ఒకే మెసేజ్‌లో ఉంటే జనం తేలికైనదాన్ని ఎంచుకుంటారు. నీళ్లు పొదుపు చేస్తున్నామని మనసులో అనుకుంటే సరిపోతుందిగా. నీళ్ల సంగతి అద్దెకున్నవాళ్లకీ కావాలి, డబ్బు మాత్రం ఓనర్లది. కాబట్టి నీళ్ల మాట వేరే మెసేజ్‌లో పెట్టాను. కొత్త మోటారా, రీవైండింగా అన్నది కమిటీ అప్పటికే తేల్చింది కనుక ఆ ప్రశ్న తీసేశాను. మీ దగ్గర అది తేలకపోతే డబ్బు అడగకండి. ముందు వాట్సాప్ పోల్ పెట్టి ఆ ఒక్కటీ తేల్చుకోండి.

తర్వాత "సహకరించగలరు" అన్న మాట కొట్టేశాను. సహకరించడం అంటే ఏం చేయాలి? ఆ మాటకు గడువు లేదు, అంకె లేదు. "వీలైనంత త్వరగా" కూడా అలాంటిదే, ఎవరి వీలు వాళ్లది. ఎవరు, ఎంత, ఎప్పటిలోపు అన్నవి రాసేసరికి మొదటి వాక్యం తయారైంది. రెండో వాక్యంలో, కడితే ఏమవుతుంది, కట్టకపోతే ఏమవుతుంది.

> ఓనర్లకు: కొత్త బోరు మోటారు కోసం ఫ్లాటుకు రూ.2,500, బుధవారం సాయంత్రం 6 లోపు అసోసియేషన్ అకౌంట్‌కి పంపగలరు.
> డబ్బు అందితే గురువారం మోటారు దించుతారు. అప్పటిదాకా ట్యాంకర్లకు రోజుకు రూ.3,000 అవుతోంది.
>
> ఎందుకు కొత్తది: పాతది 14 నెలల్లో రెండుసార్లు కాలింది. కొత్తదానికి బిగింపుతో సహా రూ.60,000, 24 ఫ్లాట్లకు పంచితే 2,500. మూడు కొటేషన్ల ఫొటోలు కింద ఉన్నాయి.

ఆ ట్యాంకర్ ఖర్చు చూడండి. రోజుకు రెండు ట్యాంకర్లు, ఒక్కోటి 1,500. ఫ్లాటుకు రోజుకు 125 రూపాయలు ఊరికే పోతున్నాయి. తొందరగా కట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. అయినా నా పెద్ద మెసేజ్‌లో ఆ అంకే లేదు! మెకానిక్ ఎన్నిసార్లు ఫోన్ ఎత్తలేదో మాత్రం ఉంది. పెద్దగా రాశాం కదా, అన్నీ చెప్పేశాం అనుకుంటాం. నేను చెప్పుకున్నది నా తిప్పలు. ఆదివారం ఎండలో తిరిగినందుకు ఎవరైనా గుర్తించాలని ఉంటుంది, అది తప్పేం కాదు. కానీ ఆ వాక్యాలు తెచ్చిపెట్టినవి "గ్రేట్ జాబ్ సర్"లే.

ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ప్రతి వాక్యం దగ్గరా ఒకటే అడిగాను: ఇది తెలియకపోతే ఎవరైనా కట్టకుండా ఆగుతారా? వాచ్‌మన్ ఫోన్ తెలియకపోయినా ఎవరూ ఆగరు, పోయింది. రెండోసారి కాలిందన్నది తెలియకపోతే "రీవైండింగ్ చేయిస్తే సరిపోతుందిగా" అని ఆగుతారు, ఉండాలి. మూడు కొటేషన్లూ అంతే. మధ్యలో ఉన్నవి కొన్ని ఉంటాయి, ఒకరిద్దరే అడిగేవి. వాటిని పారేయకుండా నోట్‌లో దాచుకున్నాను, ఎవరైనా అడిగితే అతికించడానికి.

ఈ కత్తిరింపులో ఒకచోట దెబ్బతిన్నాను కూడా. మా మూడో అంతస్తులో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. మెసేజ్ పడిన పది నిమిషాలకు "కొత్తది మాత్రం కాలదని ఏంటి నమ్మకం? సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పనిచేస్తోందా?" అని పెట్టారు. త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజు పోయినా తిరగాలని చూసి మిగతా రెండు ఫేజుల మీద ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. అలా జరగకుండా ప్యానెల్‌లో మోటారును ఆపేసే పరికరం అది. మా దాంట్లో అది చెడిపోయి ఉందని మెకానిక్ చెప్పాడు, 60,000లో కొత్తది కూడా కలిపే ఉంది. నేను దాన్ని మెకానిక్ గొడవ అనుకుని తీసేశాను. నిజానికి ఆయన అడిగిందే అసలు కారణం. ఆయనకు జవాబిచ్చేదాకా మరో ఆరుగురు డబ్బు ఆపారు. కాబట్టి తీసేసేటప్పుడు మీ బిల్డింగ్‌లో గట్టిగా అడిగే మనిషి ఒకరుంటారు కదా, ఆయన మొదటి ప్రశ్న ఏమిటో ఊహించి దానికి మాత్రం ఒక లైన్ ఉంచండి.

మర్యాద సంగతి. నేను ముందు "2,500 పంపండి" అనే రాశాను. "ఏంటి బాబూ, ఆర్డరా?" అంటారని మా ఆవిడ ఆపింది. అలాగని "అందరికీ నమస్కారం" పైన పెడితే లాక్ స్క్రీన్ మీద ఉన్న కాస్త చోటూ అదే తినేస్తుంది. నమస్కారం తీసేసి, పైన క్రియలోనే మర్యాద పెట్టాను: "పంపగలరు". నమస్కారం లేదని నాకు తెలిసి ఎవరూ నొచ్చుకోలేదు. "ఓనర్లకు" అని మొదట పెట్టడం వల్ల అద్దెకున్నవాళ్లు "ఇది మాకా?" అని అడగడమూ తగ్గింది.

పంపే ముందు ఒక పని చేయండి. వాట్సాప్‌లో మన నంబర్‌కి మనమే పంపుకోవచ్చు కానీ దానికి నోటిఫికేషన్ రాదు. అందుకని ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపి, లాక్ తీయకుండా చూడమనండి. "నేనేం చేయాలి?" అన్నదానికి అక్కడికక్కడ జవాబు రావాలి. మా ఆవిడ "బుధవారంలోపు 2,500 కట్టాలి, అంతేగా" అనేదాకా నేను మూడుసార్లు తిరగరాశాను.

గ్రూప్‌లో పడ్డాక వచ్చే ప్రశ్నలు కూడా చూసుకోండి. "ఎంత కట్టాలి, ఎక్కడికి?" అని వస్తే పై రెండు లైన్లలో లోపం. "ఎందుకు?" అని వస్తే కింది వివరంలో ఏదో తగ్గింది. ఒకే ప్రశ్న ఇద్దరు అడిగితే మెసేజ్‌ని ఎడిట్ చేయండి. పంపిన 15 నిమిషాల వరకే కుదురుతుంది, ఆ తర్వాత అయితే కొత్తగా పెట్టి పిన్ చేయడమే.

ఇది పనిచేయని సందర్భమూ ఉంది. నెల మెయింటెనెన్స్ పెంచాలనుకున్నప్పుడు ఇదే పద్ధతిలో "వచ్చే నెల నుంచి 500 ఎక్కువ కట్టగలరు" అని మొదలుపెట్టాను. గంటలో 60 మెసేజ్‌లు. మోటారు కాలిన సంగతి అందరికీ కుళాయిలోనే తెలుసు, 500 పెంపు మాత్రం ఎవరూ ఊహించనిది. అలాంటప్పుడు మొదటి రెండు లైన్లలో డబ్బు అడగకూడదు, మీటింగ్‌కి రమ్మని అడగాలి: "ఆదివారం ఉదయం 10కి సెల్లార్‌లో మీటింగ్, ప్రతి ఫ్లాటు నుంచి ఒకరు రాగలరు. మెయింటెనెన్స్ పెంపు గురించి, లెక్కలు అక్కడే చూపిస్తాం." ఆ మెసేజ్ నేను పెట్టలేదు, గొడవ చల్లారాక మా ప్రెసిడెంట్ గారు పెట్టారు. 17 మంది వచ్చారు.