ఎథిక్స్ వైవాలో కన్సెంట్, గోప్యత: బీడీఎస్ అమ్మాయి తల్లికి జవాబు

"సార్, మా అమ్మాయి బీడీఎస్ ఫైనలియర్. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ వైవాలో ఎథిక్స్ అడుగుతారట. కన్సెంట్, కాన్ఫిడెన్షియాలిటీ అంటే నాలుగు వాక్యాలు కూడా చెప్పలేకపోతోంది, ఫెయిలవుతుందేమోనని భయంగా ఉంది. బీడీఎస్ తర్వాత స్మైల్ డిజైనింగ్ కోర్సు మంచిదా, పబ్లిక్ హెల్త్‌లో ఎండీఎస్ మంచిదా పోల్చి చెప్పండి. ఇంకో మాట. మా బంధువుల అమ్మాయి వీళ్ల కాలేజీలోనే పన్ను చూపించుకుంది. ఏమైందే అని అడిగితే మా పిల్ల నాకు చెప్పనంటోంది. కన్నతల్లి దగ్గర కూడా దాపరికమా?" - ఒక తల్లి, గుంటూరు

మీ చివరి మాటతోనే మొదలుపెడతానమ్మా. మీ అమ్మాయి చెప్పకపోవడమే సరైన పని. ఆ మాట మళ్లీ అడగకండి. ఆ బంధువుల అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే, ఆమె ఒప్పుకోకుండా ఆమె సొంత తల్లికి కూడా ఏమీ చెప్పకూడదు. ఫీజు కట్టింది తల్లే అయినా అంతే. "ఏం లేదులే, పిప్పి పన్నే" అని తేలిగ్గా అన్నా అది వైద్య సమాచారాన్ని బయటపెట్టడమే. ఇంట్లో మీ ఒత్తిడికే లొంగని పిల్లకు ఎథిక్స్ రాదని ఎలా అనుకున్నారు? ఆమెకు తడబాటు నిర్వచనాల దగ్గరే. మంచి ఎగ్జామినర్ నిర్వచనం దగ్గర ఆగడు, ఒక పేషెంట్‌ను ముందు పెట్టి "ఇప్పుడేం చేస్తావు?" అంటాడు. అలాంటి కేసు ఒకటి పూర్తిగా నడిపిస్తాను, దీన్ని ఆమెకు చదివి వినిపించండి.

ఇరవై రెండేళ్ల అమ్మాయి వచ్చింది. కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కుంది, చిగురు వాచి ఇప్పటికి రెండుసార్లు నొప్పి పెట్టింది. దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో పంటి వేరు కింద దవడ నరం వెళ్లే కాలువ కనిపిస్తోంది. వేరు దాని మీదుగా ఉన్నచోట నల్లబడింది, కాలువ పైనున్న తెల్లని గీత తెగినట్టుంది. నరం దగ్గరగా ఉందనడానికి ఇవి గుర్తులు. ఈ పన్ను తీయడానికి కన్సెంట్ ఎలా తీసుకుంటావు అన్నది ప్రశ్న.

"ఫారం మీద సంతకం తీసుకుంటాను" అన్నది ఎక్కువమంది చెప్పే జవాబు. మార్కులు పోయేది అక్కడే. సంతకం అనేది మాట్లాడిన దానికి రుజువు మాత్రమే. మాట్లాడకుండా తీసుకున్న సంతకం కోర్టులో నిలబడటం కష్టం. ఏం మాట్లాడాలో మన సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ, డాక్టర్ ప్రభా మన్‌చందా కేసులో చెప్పింది. చికిత్స ఏమిటి, ఎలా చేస్తారు, ఎందుకు, ప్రయోజనం ఏమిటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేవి, వద్దంటే ఏమవుతుంది. మన కేసులో ఇవి ఇలా ఉంటాయి. చిగురు తెరిచి, అవసరమైతే కొంచెం ఎముక తొలిచి, పన్నును ముక్కలు చేసి తీస్తాం. తర్వాత రెండు మూడు రోజులు వాపు ఎక్కువగా ఉంటుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు. కొందరికి పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ నిలవక మూడో రోజుకు తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. కింది పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు, నాలుక ఒకవైపు స్పర్శ, రుచి తగ్గవచ్చు. ఎక్కువమందిలో ఇది వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. శాశ్వతంగా మిగిలిపోవడం మామూలుగా నూటికి ఒకరి కంటే తక్కువమందిలోనే, కానీ ఈ అమ్మాయి ఎక్స్‌రేలో నరం దగ్గరగా ఉంది కాబట్టి ఆమె ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. ఆ ఒక్క వాక్యం తప్పనిసరిగా చెప్పాలి. పుస్తకంలోని సగటు ఒకటి, ఈ పేషెంట్ దవడ ఇంకొకటి. వేరే దారులు కూడా చెప్పాలి: సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించి నరం ఎక్కడుందో చూడటం, వేర్లు వదిలేసి పంటి పైభాగం మాత్రమే తీయడం, ఇప్పటికి శుభ్రం చేసి గమనిస్తూ ఉండటం. చివరి దారిలో మళ్లీ వాచవచ్చని, పక్క పన్ను పుచ్చవచ్చని చెప్పాలి.

ఇవన్నీ చెప్పాక "అర్థమైందా?" అని అడగడం వృథా. అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లాక అమ్మ అడిగితే ఏం చేస్తున్నారని చెప్తావు, ఏమేం ఇబ్బంది రావచ్చంటావు?" అని అడిగి ఆమె నోటితో చెప్పించాలి. పెదవి సంగతి వదిలేస్తే మళ్లీ వివరించాలి. ఇంగ్లిష్ ఫారం మీద తెలుగులో సంతకం ఉంటే, తెలుగులో ఎవరు చదివి వినిపించారో కేస్ షీట్‌లో ఉండాలి. వేలిముద్ర అయితే సాక్షి కావాలి. పన్ను తీసేది హౌస్ సర్జన్ అయితే, పర్యవేక్షించేది ఎవరో కూడా పేషెంట్‌కు ముందే చెప్పాలి. కాలేజీ ఆసుపత్రుల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. సంతకం మత్తు ఇంజెక్షన్‌కు ముందే జరగాలి, మత్తుమందుతో మగతలో ఉన్న మనిషి ఒప్పుకోలుకు విలువ లేదు.

ఇక్కడి నుంచి అసలు మెలిక. జ్ఞానదంతం బయటికి వచ్చింది. దాని పక్క పన్ను వెనకవైపు లోతుగా పుచ్చిపోయి కనిపించింది. చెంప ఇప్పటికే మొద్దుబారి ఉంది, పరికరాలు చేతిలో ఉన్నాయి, బయట తల్లి కూర్చుని ఉంది. "తల్లి ఒప్పుకుంటే అదీ తీసేస్తావా?" అని ఎగ్జామినర్ అడుగుతాడు.

తీయకూడదు. సమీరా కోహ్లీ కేసు సరిగ్గా ఇదే. 44 ఏళ్ల మహిళకు లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తిచ్చారు. ఆమె స్పృహలో లేనప్పుడు బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయమేమీ లేదు కాబట్టి ఆమె తిరిగి స్పృహలోకి వచ్చేవరకు ఆగాల్సిందని, పెద్దవయసు మనిషి తరఫున తల్లి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. డాక్టర్‌కు ఫీజు లేకుండా చేసి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఇంకొకసారి మత్తివ్వాల్సిన శ్రమ తప్పుతుందన్న కారణం చాలదని ఆ తీర్పు సారం. మన అమ్మాయి మెలకువగానే ఉంది కదా, ఆమెనే అడగొచ్చు కదా అని ఎగ్జామినర్ మరో మెలిక పెట్టవచ్చు. అడగొచ్చు, కానీ నోట్లో గాజ్ గుడ్డ, ముఖం మీద లైటు, చేతిలో వణుకు ఉన్న మనిషి "సరే" అంటే అది ఆలోచించి అన్న మాట కాదు. పైగా ఆ పన్నుకు రూట్ కెనాల్ చేసి నిలబెట్టే దారి ఉండవచ్చు. కుట్లు వేసి, పుచ్చు ఫొటో తీసి చూపించి, మరో రోజు మాట్లాడాలి. ఆ సంగతి కేస్ షీట్‌లో రాయాలి. ఆగకూడని సందర్భం ఒక్కటే, రక్తం ఆగకపోవడం లాంటి ప్రమాదం. అప్పుడు ప్రాణం కాపాడే పని చేస్తూ, అందుకు అవసరమైనంతే చేయాలి.

ఇప్పుడు గోప్యత. అదే అమ్మాయి కేస్ హిస్టరీ ఇస్తూ, తనకు హెచ్ఐవీ ఉందని, మందులు వాడుతున్నానని మెల్లగా చెప్పింది. అమ్మకు తెలియదంది. వచ్చే నెలలో పెళ్లి చూపులని తల్లి బయట నర్సుతో చెబుతోంది. ఈ చోట పిల్లలు భయపడి తోచింది చెబుతారు, కానీ దారి స్పష్టంగానే ఉంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. చికిత్సకు అవసరమైన మేరకు ఆమెను చూస్తున్న వైద్య సిబ్బందికి చెప్పవచ్చు. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాయడం తప్పు, ఎందుకంటే అది క్యాష్ కౌంటర్ దాకా అందరి చేతుల్లో తిరుగుతుంది. హెచ్ఐవీ ఉందన్న కారణంతో పన్ను తీయననడం ఆ చట్టం కిందే వివక్ష. గ్లోవ్స్, మాస్క్, స్టెరిలైజేషన్ ప్రతి పేషెంట్‌కూ ఒకేలా ఉండాల్సినవే.

"మరి పెళ్లికొడుకు సంగతి?" అని తప్పక అడుగుతారు. 1998లో మిస్టర్ ఎక్స్, హాస్పిటల్ జడ్ కేసులో గోప్యత హక్కు సంపూర్ణం కాదని సుప్రీంకోర్టు అంది. అంతమాత్రాన హౌస్ సర్జన్ ఫోన్ ఎత్తి చెప్పేయకూడదు. ఇప్పటి చట్టంలో జీవిత భాగస్వామికి తెలియజేయడానికి షరతులున్నాయి: నిజంగా సోకే ప్రమాదం ఉండాలి, పేషెంట్‌కు కౌన్సెలింగ్ జరిగి ఉండాలి, తనంతట తాను చెప్పదని తేలాలి, మేం చెప్పబోతున్నామని ఆమెకు ముందే తెలియజేయాలి. ఆ పని ఆమెను చూస్తున్న ఫిజీషియన్‌ది లేదా కౌన్సెలర్‌ది. డెంటల్ విద్యార్థి చేయాల్సింది ఆమెను వాళ్ల దగ్గరికి పంపడం, తల్లి దగ్గర మౌనంగా ఉండటం. మౌనం పనికిరాని చోటు కూడా ఒకటి చెబితే జవాబు నిండుగా ఉంటుంది. పసిపిల్ల నోట్లో గాయాలు లైంగిక దాడివని అనుమానం వస్తే, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తల్లిదండ్రులు వద్దన్నా సరే.

ఇక స్మైల్ డిజైనింగ్. దీని మీద నాకున్న సందేహాలు దాచను, ఎందుకంటే పై రెండు విషయాలూ రోజూ దెబ్బతినేది అక్కడే. పంటి ముందువైపు అతికించే పలుచటి పొరలైన వెనీర్ల కోసం ఆరోగ్యంగా ఉన్న పంటి ఎనామిల్‌ను సుమారు అర మిల్లీమీటరు అరగదీస్తారు. అది తిరిగి పెరగదు. ఇరవై ఏళ్లకు వేయించుకున్న వెనీర్లను జీవితంలో మళ్లీ మళ్లీ మార్చాల్సి వస్తుంది. నొప్పి లేని చోట, అందం కోసం చేసే పని ఇది. అంటే వివరించాల్సింది జ్ఞానదంతం కంటే ఎక్కువ. బ్లీచింగ్, కాంపోజిట్, క్లిప్పులు అనే తక్కువ నష్టమున్న దారులు ముందు చెప్పాలి. నెలకు ఇన్ని కేసులని టార్గెట్ పెట్టే చోట కొత్త డాక్టర్‌కు ఆ మాట చెప్పే తీరిక ఉంటుందా? ఫొటోలు మరో చిక్కు. "ముందు, తర్వాత" ఫొటోలకు చికిత్స కన్సెంట్ చాలదు, ఎక్కడ, ఎందుకు పెడతారో రాసి వేరే అనుమతి తీసుకోవాలి, తర్వాత వద్దంటే తీసేయాలి. కళ్లకు నల్లపట్టీ వేస్తే సరిపోదు, నవ్వు చూసి ఊరంతా గుర్తుపడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టే ఓపీజీ మూలన పేరు, వయసు, తేదీ ఉంటాయి. ఇంకొకటి, వారాంతపు కోర్సుల సర్టిఫికెట్లు డెంటల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో అదనపు అర్హతగా ఎక్కవు. పబ్లిక్ హెల్త్ ఎండీఎస్ మూడేళ్ల గుర్తింపు డిగ్రీ, దారి ఎక్కువగా టీచింగ్ వైపు, సీట్లు, ఖాళీలు తక్కువ. దాన్నీ బంగారమని అనను. రెండింటిలో ఏది అన్నది హౌస్ సర్జన్సీ అయ్యాక ఆమెనే తేల్చుకోనివ్వండి. ఈ ప్రశ్న మీరు అడిగారు, ఆమె అడగలేదు.

వైవా గురించి మీరు నిశ్చింతగా ఉండవచ్చు. రాత్రికి మీరు పేషెంట్‌గా కుర్చీలో కూర్చోండి. జ్ఞానదంతం తీయడం గురించి మూడు నిమిషాల్లో తెలుగులో వివరించమనండి. మీకు తెలియని మాట వచ్చిన ప్రతిచోటా ఆపండి, చివర్లో మీరు అర్థం చేసుకున్నది ఆమెకు తిరిగి చెప్పండి.