‘ప్రొజెక్టర్, మైక్ ఉంటే చాలు’ అన్న స్పీకర్‌ని ఇంకేం అడగాలి?

ప్రశ్న: వచ్చే వారం మా కాన్ఫరెన్స్. బయటి నుంచి ఒక స్పీకర్ వస్తున్నారు. ‘మీకేం కావాలో చెప్పండి సార్’ అని మెయిల్ పెడితే ‘ప్రొజెక్టర్, మైక్ ఉంటే చాలు’ అని ఒక్క లైన్ రాశారు. ఆయన స్లైడ్లలో వీడియోలు ఉంటాయి, మధ్యలో లైవ్ డెమో కూడా ఉందట. ఇంకేమైనా అడగాలా? ఎక్కువ అడిగితే విసుక్కుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడగాలండీ. కాకపోతే ‘ఇంకేమైనా కావాలా సార్’ అని మళ్లీ అడిగితే ‘ఏం వద్దండీ, థాంక్యూ’ అనే జవాబే వస్తుంది. ఆయన మనసులో ఉన్నది తను ఎప్పుడూ మాట్లాడే హాలు, అక్కడి కేబుళ్లు. మీ హాల్లో ఏముందో ఆయనకు తెలీదు, ఆయన బ్యాగ్‌లో ఏముందో మీకు తెలీదు. అందుకని ముందు మీ దగ్గరున్నవి రాసేసి, ఆ తర్వాత ఒక్క మాటలో జవాబివ్వగలిగే నాలుగైదు ప్రశ్నలు పెట్టండి. అలా అడిగితే ఎవరూ విసుక్కోరు. పది సార్లు స్టేజీ ఎక్కిన స్పీకర్‌కైతే ఇలాంటి మెయిల్ వచ్చినప్పుడే కాస్త ధైర్యంగా ఉంటుంది.

మొట్టమొదట తేల్చాల్సింది ప్రసంగం ఎవరి ల్యాప్‌టాప్ మీద నడుస్తుందన్నది. మిగతా ప్రశ్నలన్నీ దీన్ని బట్టే మారతాయి. ఆయన ల్యాప్‌టాప్ అయితే స్లైడ్లు పాడయ్యే భయం ఉండదు, కానీ పోర్టులతో, అడాప్టర్లతో తంటా. మీ ల్యాప్‌టాప్ అయితే కేబుళ్ల గొడవ ఉండదు, కానీ ఫాంట్లు మారిపోతాయి, వీడియోలు ఆడవు. లైవ్ డెమో ఉందంటున్నారు కాబట్టి ఆయన సొంత ల్యాప్‌టాప్ వాడటమే మేలు. డెమోకి కావాల్సిన సాఫ్ట్‌వేర్, లాగిన్లు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి, వాటిని వేరే మెషిన్ మీద మళ్లీ అమర్చడం ఒక్క పూటలో అయ్యే పని కాదు.

సరే, ఆయన ల్యాప్‌టాపే అనుకుందాం. ఇప్పుడు ఆయన్ని అడగాల్సింది మోడల్ పేరు కాదు, ల్యాప్‌టాప్ రెండు పక్కలా తీసిన ఫోటోలు. మోడల్ పేరు అడిగితే చాలామంది కంపెనీ పేరు ఒక్కటే చెప్తారు, అదే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి పోర్టులు మారిపోతుంటాయి. ఫోటో చూస్తే పోర్టులు లెక్కపెట్టుకోవచ్చు.

ఉదాహరణకి ఫోటోలో రెండు యూఎస్‌బీ-సి పోర్టులే కనిపించాయనుకోండి, ఇయర్‌ఫోన్ జాక్ కూడా లేదు. సన్నటి ల్యాప్‌టాపుల్లో ఇలాంటివీ ఉన్నాయి. మీ ప్రొజెక్టర్ కేబుల్ హెచ్‌డీఎంఐ, కాబట్టి ఒక పోర్టు దాని అడాప్టర్‌కి పోయింది. ముప్పావు గంట మాట్లాడాలి, డెమో నడపాలి, ఛార్జర్ పెట్టాల్సిందే, రెండోది అక్కడికి పోయింది. స్లైడ్లు మార్చే క్లిక్కర్‌తో వచ్చే చిన్న రిసీవర్ ఎక్కువగా పాత యూఎస్‌బీ-ఏ సైజులోనే ఉంటుంది, దానికి చోటు లేదు. వీడియో సౌండ్ హాల్ స్పీకర్లలోకి రావాలి, దానికీ చోటు లేదు. డెమోకి ఇంటర్నెట్ కేబుల్ పెడదామంటే దానికీ లేదు. ఐదు పనులకి రెండు పోర్టులన్నమాట, అదీ ‘ప్రొజెక్టర్, మైక్ ఉంటే చాలు’ అన్న మనిషి దగ్గర.

దీనికి ఒక్క పోర్టుని నాలుగైదు పోర్టులుగా మార్చే యూఎస్‌బీ-సి హబ్ ఒకటి ఉంటే సరిపోతుంది, అందులోంచి ఛార్జింగ్ కూడా వెళ్లేది అయితే ఇంకా మంచిది. అయితే ఆ హబ్ ఈ ల్యాప్‌టాప్‌తో పనిచేస్తుందని ఎవరైనా ముందే చూసి ఉండాలి. యూఎస్‌బీ-సి పోర్టులన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ వాటిలో కొన్ని ఛార్జింగ్‌కీ ఫైళ్లు కాపీ చేసుకోవడానికీ మాత్రమే, బొమ్మని బయటికి పంపలేవు. పోర్టు పక్కన బాణం మొన ఉన్న థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో, డీపీ అనే అక్షరాలు కలిసిన గుర్తో ఉంటే పంపగలదని అర్థం, కానీ గుర్తు వేయకుండా వదిలేసే కంపెనీలూ ఉన్నాయి. అందుకే నేనైతే సాంకేతిక ప్రశ్న అడగను. ‘ఈ ల్యాప్‌టాప్‌ని, ఇదే అడాప్టర్‌తో, ఎప్పుడైనా ప్రొజెక్టర్‌కో టీవీకో కలిపారా?’ అని అడుగుతాను. కలిపాను అంటే ఆ అడాప్టరే తెచ్చుకోమని చెప్పండి. లేదంటే ఇంట్లో టీవీకి ఒకసారి కలిపి చూడమనండి. వారం ముందు అడిగేది ఇందుకే, ‘రాలేదు’ అని తేలినా వేరేది తెప్పించుకునే టైం ఉంటుంది. మీ దగ్గరా ఒకటి స్పేర్‌గా పెట్టుకోండి, అడాప్టర్లు హోటల్ గదుల్లో మర్చిపోయే వస్తువులు.

ఇక సౌండ్. కాన్ఫరెన్సుల్లో బొమ్మ రాకపోవడం కంటే వీడియో మూగగా ఆడటమే ఎక్కువ అని నా అనుమానం. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మతో పాటు సౌండ్ కూడా వెళ్తుంది, కానీ అది చేరేది ప్రొజెక్టర్‌కి. ప్రొజెక్టర్‌లో స్పీకర్ ఉంటే పైకప్పు దగ్గర సన్నగా ఏదో వినిపిస్తుంది, లేకపోతే అదీ ఉండదు, హాల్ పెద్ద స్పీకర్లకి మాత్రం ఏమీ అందదు. ల్యాప్‌టాప్ ‘నేను సౌండ్ పంపిస్తున్నాను’ అనే చూపిస్తుంది కాబట్టి ఆయన వాల్యూమ్ పెంచుతూ నిలబడిపోతారు. హాల్లో మిక్సర్ చూసుకునే ఆపరేటర్‌ని మీరు ఈ వారమే ఒక మాట అడగండి: ల్యాప్‌టాప్ సౌండ్ మిక్సర్‌లోకి ఎలా తీసుకుంటారు? హెచ్‌డీఎంఐలోంచి సౌండ్ విడదీసే చిన్న పెట్టె ఉంటే ఆయన ఏమీ తేనక్కర్లేదు. ఇయర్‌ఫోన్ జాక్‌లో పెట్టే 3.5 ఎంఎం కేబులే ఉందంటే జాక్ లేని ల్యాప్‌టాప్‌కి మరో అడాప్టర్ కావాలి, లేదా జాక్ ఉన్న హబ్ అయినా ఉండాలి. ఆ కేబుల్ పెట్టాక కూడా ల్యాప్‌టాప్ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైపే పంపుతూ ఉండొచ్చు, సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చాలి. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో ‘గుయ్’మని వస్తే ఒక్క క్షణం ఛార్జర్ పీకి చూడండి, ఆగిపోయిందంటే అది ఎర్తింగ్ తేడా వల్ల వచ్చే మోత. ఆపరేటర్ దగ్గర డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ఉంటే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో పెట్టి తగ్గిస్తారు, లేకపోతే వీడియో ఆడినంతసేపూ బ్యాటరీ మీద నడిపించడమే.

మైక్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. డెమో చేస్తూ టైప్ చేయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కాబట్టి కాలర్‌కి పెట్టేదో తలకి పెట్టేదో కావాలి, చేత్తో పట్టుకునేది పనికిరాదు.

స్లైడ్ల ఫైల్ కూడా అడగండి, ఆయన ల్యాప్‌టాపే వాడినా సరే, రెండు మూడు రోజుల ముందు పంపమనండి. ల్యాప్‌టాప్ మొండికేస్తే మీ దాంట్లోంచి నడపడానికి అది ఉండాలి. చివరి రోజు దాకా మార్పులు చేసుకుంటారు, పర్వాలేదు, అప్పటికి ఉన్నదే పంపమనండి. ఫైల్ రాగానే సైజు చూడండి. రెండు మూడు వీడియోలు ఉన్నాయని చెప్పిన పవర్‌పాయింట్ ఫైల్ నాలుగైదు ఎంబీలే ఉంటే వీడియోలు అందులో లేవేమోనని అనుమానించాలి. ఆయన కంప్యూటర్లో ఎక్కడో ఉన్న ఫైల్‌కో, ఇంటర్నెట్‌లో ఉన్నదానికో లింక్ మాత్రమే పెట్టి ఉండొచ్చు. వీడియోల్ని విడిగా ఎంపీ4గా కూడా పంపమంటే సరి. తర్వాత ఫైల్‌ని మీ మెషిన్‌లో తెరిచి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడపండి. అక్షరాలు గీత దాటి బయటికొచ్చినా, తెలుగు ఉండాల్సిన చోట పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపించినా ఆ ఫాంట్ మీ దగ్గర లేదని అర్థం. విండోస్ పవర్‌పాయింట్‌లో File > Options > Save లో ‘Embed fonts in the file’ టిక్ చేసి మళ్లీ సేవ్ చేయమనండి. కొన్ని ఫాంట్లు అలా కలపడానికి లైసెన్స్ ఒప్పుకోదు, వాటికి పీడీఎఫ్ కాపీ ఒకటి తీసుకోండి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు, వీడియోలు పోతాయి, అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు.

డెమో గురించి అడగాల్సినవి రెండే. ఇంటర్నెట్ కావాలా, కావాలంటే లాగిన్ అయ్యేటప్పుడు ఫోన్‌కి ఓటీపీ వస్తుందా? రెండోది ఎవరూ అడగరు గానీ నేల కింద ఉన్న హాళ్లలో ఫోన్ సిగ్నల్ ఉండదు, స్టేజీ మీద ఓటీపీ కోసం ఎదురుచూడటం చూసేవాళ్లకీ నరకమే. స్టేజీ ఎక్కకముందే లాగిన్ అయి ఉండమని చెప్పండి. వైఫై ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, రెండొందల మంది ఫోన్లు అదే వైఫైకి కలిశాక దాని సంగతి వేరు. కుదిరితే డెమోకి కేబుల్ లైన్ ఇవ్వండి. ఏది ఇచ్చినా డెమో మొత్తం ఒకసారి స్క్రీన్ రికార్డింగ్ చేసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకోమనండి.

ఇవన్నీ కలిపితే మెయిల్ ఇంతే అవుతుంది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

“నమస్కారం సార్. మీ సెషన్ ఫలానా రోజు ఫలానా టైంకి, ప్రశ్నలతో కలిపి 45 నిమిషాలు. హాల్లో 16:9 తెర, హెచ్‌డీఎంఐ కేబుల్, కాలర్ మైక్, డెమోకి కేబుల్ ఇంటర్నెట్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ సౌండ్ 3.5 ఎంఎం కేబుల్‌తో తీసుకుంటాం. మీ సొంత ల్యాప్‌టాప్ వాడతారని అనుకుంటున్నాం, కాకపోతే చెప్పండి. దాని రెండు పక్కలా ఒక్కో ఫోటో తీసి పంపగలరా? మీ అడాప్టర్‌తో ఎప్పుడైనా ప్రొజెక్టర్‌కో టీవీకో కలిపారా? డెమో లాగిన్‌కి ఓటీపీ అవసరమా? సెషన్‌ని రికార్డ్ చేసి తర్వాత అందరికీ పెట్టడం మీకు సమ్మతమేనా? స్లైడ్లు, వీడియోలు మూడు రోజుల ముందు పంపితే మా దగ్గర నడిపి చూస్తాం. ఆ రోజు ఉదయం మొదటి సెషన్‌కి అరగంట ముందు వస్తే ఒకసారి కలిపి చూద్దాం. ఆ రోజు మిమ్మల్ని రిసీవ్ చేసుకునే వ్యక్తి పేరు, ఫోన్ నంబర్ కింద ఇస్తున్నాను.”

రికార్డింగ్ ప్రశ్న చిన్నదే గానీ తీసేయకండి. కొందరి స్లైడ్లలో వాళ్ల ఆఫీసు బయటికి పంపనివ్వని సమాచారం ఉంటుంది, ఆ విషయం రికార్డింగ్ అయిపోయాక తెలిస్తే ఎడిటింగ్ మీ నెత్తిన పడుతుంది.

పొద్దున్నే కలిపి చూసేటప్పుడు బొమ్మ రాకపోతే కేబుల్ పీకి పెట్టడం కంటే ముందు విండోస్‌లో Windows + P నొక్కి చూడండి. ‘PC screen only’ అని ఉంటే ఎంత మంచి కేబుల్ అయినా తెర మీద ఏమీ రాదు. ‘Extend’ పెడితే ఆయన నోట్స్ ఆయన ల్యాప్‌టాప్‌లో, స్లైడ్ తెర మీద. ‘Duplicate’ పెడితే రెండు చోట్లా ఒకటే, డెమోకి ఇదే సుఖం, లేకపోతే మౌస్ ఎక్కడుందో తెర వైపు తిరిగి వెతుక్కోవాలి. స్లైడ్ల నుంచి డెమోకి వెళ్లేటప్పుడు మార్చుకుంటారా, మొదటి నుంచీ ‘Duplicate’లోనే ఉంటారా అని ఆయన్నే అడగండి. ఆ జవాబు ఆపరేటర్‌కి కూడా చెప్పండి, మోడ్ మారినప్పుడు తెర ఒకట్రెండు సెకన్లు నల్లబడుతుంది, ఆయన కంగారుపడి ఇంకేదో నొక్కేస్తారు.